సప్తాంశ, పంచమ భావం: సంతానం ఆలస్యమైన దంపతులకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

బెంగళూరు, చెన్నై నగరాల్లో తెలుగు కుటుంబాలకు జాతకాలు చూసేవారికీ, సప్తాంశ వరకు నేర్చుకుని ఇప్పుడిప్పుడే సలహాలు చెప్పడం మొదలుపెట్టినవారికీ ఈ ప్రశ్నలు ఎక్కువగా ఎదురవుతుంటాయి. సంతానానికి సంబంధించిన విషయాలన్నీ ఇక్కడ లేవు. పెళ్లయి కొన్నేళ్లయినా కడుపు పండలేదని వచ్చిన దంపతుల విషయం ఒక్కటే తీసుకుని, ఒక జాతకాన్ని మొదటి నుంచి చివరి వరకు చూశాం.

సంతానం గురించి అడిగితే నేరుగా సప్తాంశ తెరవవచ్చా?

వద్దు. ముందు రాశి చక్రం. అందులో లగ్నం నుంచి పంచమం, పంచమాధిపతి ఎక్కడున్నాడు, పుత్రకారకుడైన గురువు ఎలా ఉన్నాడు, చంద్రుడి నుంచీ గురువు నుంచీ అయిదో ఇల్లు ఎలా ఉంది అన్నవి చూసుకోవాలి. స్త్రీ జాతకంలో నవమాన్ని కూడా కలిపి చూసే సంప్రదాయం దక్షిణాదిలో ఉంది. ఇవన్నీ చూశాక కలిగే అభిప్రాయాన్ని సప్తాంశ బలపరుస్తుందా, మెత్తబరుస్తుందా అని చూడడమే వరుస.

సప్తాంశను ముందు తెరిస్తే వచ్చే చిక్కు ఒకటుంది. ఆ చక్రంలో పాపగ్రహం పంచమంలో కనిపించగానే మనసు అక్కడే ఆగిపోతుంది. తర్వాత రాశి చక్రంలో శుభయోగం కనిపించినా కంటికి ఆనదు.

సప్తాంశ లెక్క ఎలా కట్టాలి? ఎక్కువగా తప్పేది ఎక్కడ?

రాశికి 30 డిగ్రీలు. దాన్ని ఏడు భాగాలు చేస్తే ఒక్కో భాగం 4 డిగ్రీల 17 కళలకు కాస్త పైన వస్తుంది (డిగ్రీలో అరవయ్యో వంతు కళ). భాగాలు ముగిసే చోట్లు వరసగా 4°17', 8°34', 12°51', 17°09', 21°26', 25°43', 30°.

గ్రహం బేసి రాశిలో, అంటే మేషం, మిథునం, సింహం లాంటి వాటిలో ఉంటే ఆ రాశి నుంచే లెక్క మొదలు. సరి రాశిలో, అంటే వృషభం, కర్కాటకం, కన్య లాంటి వాటిలో ఉంటే దానికి ఏడో రాశి నుంచి మొదలు. గ్రహం ఎన్నో భాగంలో ఉంటే అన్నో రాశి దాని సప్తాంశ.

సరి రాశికి ఏడో రాశి నుంచి మొదలుపెట్టాలన్న మాట మరిచిపోవడమే చేతిలెక్కలో తరచూ జరిగే తప్పు. అది చిన్న తప్పేమీ కాదు. గురువు మకరంలో 2°40' దగ్గర ఉన్నాడనుకోండి. ఉన్నది మొదటి భాగంలో. మకరం సరి రాశి కాబట్టి ఏడోదైన కర్కాటకం నుంచి లెక్కిస్తే మొదటి రాశి కర్కాటకమే, అంటే సప్తాంశలో గురువు ఉచ్చలో ఉన్నాడు. పొరపాటున మకరం నుంచే లెక్కిస్తే సప్తాంశలోనూ నీచ అని రాసేస్తాం. ఒకే గ్రహానికి ఉచ్చ నీచలు తారుమారయ్యాయి. ఎదురుగా కూర్చున్న దంపతులకు చెప్పే మాట కూడా దాంతోపాటే తారుమారవుతుంది.

పుట్టిన సమయం ఎంత కచ్చితంగా ఉండాలి?

లగ్నం ఒక రాశి దాటడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. దాన్ని ఏడుతో భాగిస్తే సప్తాంశ లగ్నం మారడానికి పట్టేది సుమారు 17 నిమిషాలు. ఏ రాశి ఉదయిస్తోందన్న దాన్ని బట్టి ఇది రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. గ్రహాలు ఆ 17 నిమిషాల్లో దాదాపు కదలవు, కదిలేది లగ్నమే. అందుకే సప్తాంశలో ఏ గ్రహం ఏ రాశిలో ఉందన్నది నమ్మదగిన భాగం. ఏ గ్రహం ఏ భావంలో ఉందన్నది సమయం మీద ఆధారపడిన భాగం. ఈ రెండింటినీ వేర్వేరుగా చూడడం అలవాటు చేసుకోవాలి.

సమయం ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. కార్పొరేషన్ ఇచ్చే జనన ధ్రువపత్రంలో సాధారణంగా తేదీయే ఉంటుంది, వేళ ఉండదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితమో, పెద్దలు పంచాంగం అంచున రాసుకున్న వేళో దొరికితే మేలు. 9:30, 6:45 లాంటి అంకెలు కనిపిస్తే ఎవరో దగ్గరి అంకెకు సరిచేసి రాశారని అనుమానించి, ముందుకీ వెనక్కీ అయిదేసి నిమిషాలు జరిపి సప్తాంశ లగ్నం మారుతుందో లేదో చూసుకోవాలి.

ఊరు తప్పు పడితే ఏమవుతుంది?

చెన్నైకీ బెంగళూరుకీ రేఖాంశంలో తేడా సుమారు 2°41'. కాలంలో చెప్పాలంటే పదకొండు నిమిషాలకు కాస్త తక్కువ. గడియారం రెండు ఊళ్లలో ఒకటే అయినా సూర్యోదయమూ లగ్నమూ చెన్నైలో ముందు వస్తాయి. చెన్నైలో పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న వారి జాతకం వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బెంగళూరు అలాగే ఉండిపోతే లగ్నం సుమారు రెండున్నర నుంచి మూడు డిగ్రీల దాకా వెనక్కి పోతుంది. ఈ రెండు నగరాల మధ్య కుటుంబాల రాకపోకలు ఎక్కువ కాబట్టి పుట్టిన ఊరు ఏదో, ప్రసవానికి పుట్టింటికి వెళ్లారా అన్నదీ కలిపి అడగాలి.

అయనాంశ సంగతి కూడా ఇలాంటిదే. బెంగళూరులో బి.వి. రామన్ అయనాంశ పాటించేవారు ఉన్నారు. దానికీ లాహిరి అయనాంశకూ సుమారు 1°27' తేడా. రామన్ పద్ధతిలో గ్రహాలూ లగ్నమూ ఆ మేరకు ముందుకు జరిగి కనిపిస్తాయి. ఏది వాడినా సరే, ఒక జాతకానికి మొదటి నుంచి చివరి వరకు ఒకటే వాడండి.

ఒక జాతకం తీసుకుని చూపించగలరా?

ఇది వివరణ కోసం కల్పించుకున్న జాతకం. వయసు 29 దాటిన స్త్రీ. పుట్టింది చెన్నైలో, రాత్రి 9:30కి. ఉంటున్నది బెంగళూరులో. పెళ్లయి మూడేళ్లు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నది 14 నెలలుగా. లాహిరి ప్రకారం లగ్నం సింహం 12°30'. పంచమం ధనుస్సు, అందులో రవి, బుధ, శుక్రులు. పంచమాధిపతీ పుత్రకారకుడూ అయిన గురువు ఆరో ఇంట మకరంలో 2°40' దగ్గర నీచలో ఉన్నాడు. శని ఎనిమిదో ఇంట మీనంలో 7 డిగ్రీల దగ్గర ఉండి దశమ దృష్టితో ధనుస్సును చూస్తున్నాడు.

రాశి చక్రం ఒక్కటే చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. పంచమాధిపతి నీచ, షష్ఠంలో ఉన్నాడు, కారకుడూ ఆయనే, పైగా పంచమం మీద శని చూపు. తొందరపడి నోరు జారేది ఇక్కడే.

ఇప్పుడు సప్తాంశ. లగ్నం సింహంలో మూడో భాగంలో (8°34' నుంచి 12°51' వరకు) ఉంది. సింహం నుంచి మూడోది తుల. కాబట్టి సప్తాంశ లగ్నం తుల, అందులో పంచమం కుంభం, దాని అధిపతి శని. ఆ శని మీనంలో రెండో భాగంలో ఉన్నాడు. సరి రాశి కాబట్టి కన్య నుంచి లెక్కిస్తే రెండోది తుల. అంటే సప్తాంశ పంచమాధిపతి లగ్నంలోనే ఉచ్చలో కూర్చున్నాడు. గురువు కర్కాటకంలో, అదీ ఉచ్చే.

అయితే లగ్నం 12°30' అన్నాం, భాగం ముగిసేది 12°51' దగ్గర. మధ్య దూరం 21 కళలు. సింహ లగ్నం ఉదయించే వేగానికి అది సుమారు ఒకటిన్నర నిమిషం. బిడ్డ పుట్టింది 9:30కి కాక 9:32కి అయితే సప్తాంశ లగ్నం వృశ్చికమైపోతుంది. అప్పుడు పంచమం మీనం, అధిపతి గురువు, నవమంలో ఉచ్చ.

పుట్టిన ఊరు బెంగళూరు అని తప్పుగా ఇస్తే లగ్నం 10 డిగ్రీల లోపు చూపిస్తుంది. భాగం మధ్యలో ఉన్నట్టు కనిపించి, ఇంత అంచున ఉన్న జాతకమని మనకు అనుమానమే రాదు. రామన్ అయనాంశతో వేస్తే లగ్నం 13°57', అంటే నేరుగా వృశ్చిక సప్తాంశ. గురువూ శనీ మాత్రం ఏ లెక్కలోనూ తమ భాగం దాటలేదు.

మరి రెండు లగ్నాల్లో ఏది నిజమని తేల్చాలి?

సంతాన ప్రశ్నలో తేల్చడానికి తొందరపడకూడదు. లగ్న శోధన చేసి సమయాన్ని దిద్దేవారు, పిల్లలు ఇంకా పుట్టనివారి జాతకంలో సప్తాంశను దేనితో సరిచూస్తారు? పిల్లలున్నవారికైతే తొలి బిడ్డ పుట్టిన కాలాన్ని దశతో పోల్చి చూడొచ్చు. ఇక్కడ ఆ ఆధారం లేదు. కాబట్టి రెండు లగ్నాలూ పక్కపక్కన వేసి, రెండింటిలోనూ నిలిచే మాట ఏదో వెతకాలి.

తుల అయినా వృశ్చికం అయినా సప్తాంశ పంచమాధిపతి ఉచ్చలో ఉన్నాడు. రాశిలో నీచపడిన గురువు సప్తాంశలో ఉచ్చలో ఉన్నాడు. ఇది రెండింటికీ ఉమ్మడి. కాబట్టి 'ఆలస్యం కనిపిస్తోంది, లేదని చెప్పే బలం మాత్రం కనిపించడం లేదు' అన్న మాట దంపతులకు చెప్పొచ్చు. వృశ్చికమైతే గురువు లగ్నాన్నీ పంచమాన్నీ కూడా చూస్తాడు కదా అని మనసు ఉరకవచ్చు. అంశ చక్రాల్లో దృష్టులు వాడకూడదనే పండితులు ఉన్నారు. పైగా అది ఒక్క లగ్నానికే దొరికే బలం. దాన్ని మన నోట్సులోనే ఉంచుకోవాలి.

రెండు లగ్నాలూ విరుద్ధమైన మాట చెప్పే జాతకాలు కూడా వస్తాయి. అప్పుడు సప్తాంశను పక్కన పెట్టి రాశి, చంద్రుడు, గురువు చెప్పినంత వరకే మాట్లాడాలి.

పంచమం మీద శని చూపు ఉంటే సంతానం లేనట్టేనా?

కాదు. శని స్వభావం నిదానం. పంచమంతో ఆయనకున్న సంబంధాన్ని ముందు ఆలస్యంగానే చదవాలి. లేమి అని చెప్పడానికి పంచమం, దాని అధిపతి, గురువు మూడూ కలిసి, రాశిలోనూ సప్తాంశలోనూ దెబ్బతిని, శుభదృష్టి అనేది ఎక్కడా లేకుండా ఉండాలి. అటువంటి జాతకాలు అరుదు. ఒకవేళ కనిపించినా భర్త జాతకం చూడకుండా ఆ మాట మనసులో కూడా ఖాయం చేసుకోకూడదు. గురువు పంచమంలో ఉంటే 'కారకో భావనాశాయ' అంటూ భయపెట్టడం కూడా ఇటువంటిదే. పంచమంలో గురువున్న తల్లిదండ్రులు మన చుట్టూ ఎందరో ఉన్నారు.

క్షేత్ర స్ఫుటం, బీజ స్ఫుటం ఈ సందర్భంలో పనికొస్తాయా?

బాగా పనికొస్తాయి. వాటికి లగ్నంతో పని లేదు కాబట్టి రెండు నిమిషాల తేడా వాటిని పట్టించుకోదు. స్త్రీకి చంద్ర, కుజ, గురువుల స్ఫుటాలను మేషం మొదలు నుంచి డిగ్రీల్లో కూడితే క్షేత్ర స్ఫుటం. పురుషుడికి రవి, శుక్ర, గురువులను కూడితే బీజ స్ఫుటం. మొత్తం 360 దాటితే, 360 లోపు వచ్చే దాకా 360 చొప్పున తీసేయాలి. క్షేత్రం సరి రాశిలో, సరి నవాంశలో పడితే బలం. బీజం బేసి రాశిలో, బేసి నవాంశలో పడితే బలం. ఒకటి కుదిరి ఒకటి కుదరకపోతే మధ్యస్థం.

మన ఉదాహరణలో చంద్రుడు వృశ్చికం 19 డిగ్రీలు అంటే 229. కుజుడు కన్య 7 అంటే 157. గురువు మకరం 2°40' అంటే 272°40'. మొత్తం 658°40'. 360 తీసేస్తే 298°40', అంటే మకరం 28°40'. సరి రాశి. నవాంశ తొమ్మిదోది, మకరం నుంచి తొమ్మిదోది కన్య, అదీ సరే. క్షేత్ర స్ఫుటం బలంగా ఉంది. సప్తాంశ చెప్పిన మాటకు ఇది రెండో సాక్ష్యం. భర్త బీజ స్ఫుటం వేయందే లెక్క సగమే అయినట్టు.

దీన్ని వైద్య పరీక్షలా వాడకండి. బీజ స్ఫుటం బలంగా ఉందంటే వీర్యకణాల సంఖ్య బాగుందని అర్థం కాదు.

'ఎప్పుడు' అని అడిగితే దశ చూసి కాలం చెప్పొచ్చా?

పంచమాధిపతి, పంచమంలో ఉన్న గ్రహాలు, గురువు, సప్తాంశ లగ్నాధిపతి, సప్తాంశ పంచమాధిపతి. వీరి దశ, అంతర్దశల్లో సంతానం చూస్తాం. ఉదాహరణలోని స్త్రీకి శుక్ర మహాదశలో రాహు అంతర్దశ నడుస్తోంది. అది 31 ఏళ్లు దాటాక ముగిసి, గురు అంతర్దశ రెండేళ్ల ఎనిమిది నెలలు ఉంటుంది. ఆ తర్వాత శని. రాశిలో పంచమాధిపతి గురువే కాబట్టి గురు అంతర్దశకు రెండు లగ్నాల మద్దతూ ఉంది. శని అంతర్దశకు తుల సప్తాంశ అయితేనే ప్రత్యేక బలం.

ఇక్కడ 'రెండేళ్లు ఆగండి, గురువు వస్తాడు' అన్న మాట నోటి దాకా వస్తుంది. దాన్ని అక్కడే ఆపాలి. కారణాలు రెండు. రాహు అంతర్దశ లోపల కూడా గురు, శని విదశలు వస్తాయి, ప్రస్తుతం శని విదశే నడుస్తోంది. కాబట్టి అప్పటి దాకా ఏమీ జరగదనడానికి శాస్త్రంలోనే ఆధారం లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఆ మాట విన్న దంపతులు డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా రెండేళ్లు వాయిదా వేస్తారు. స్త్రీ వయసు 35కు చేరువవుతున్న కొద్దీ ఆ రెండేళ్లు చాలా ఖరీదైనవి. అనుకూల కాలాన్ని 'ఈ లోపల పరీక్షలు పూర్తి చేసుకుని సిద్ధంగా ఉండండి' అన్న మాటతో జోడించి చెబితే అదే జాతకం మేలు చేస్తుంది.

గదిలో అత్తగారు కూడా ఉంటే ఎలా?

ఫోన్‌లో సమయం ఇచ్చేటప్పుడే 'భార్యాభర్తలు ఇద్దరూ రండి, ఇద్దరి వివరాలూ తీసుకురండి' అని చెప్పండి. అయినా పెద్దవాళ్లు తోడు వస్తారు, కోడలి జాతకం ఒక్కటే తెస్తారు. మాట ఇలా నడవొచ్చు:

"మా కోడలి జాతకంలోనే ఏదో అడ్డం ఉందని మా ఊళ్లో అన్నారండీ. మీరు చూసి చెప్పండి."

"ఇది ఒక్కరి జాతకంతో తేలేది కాదమ్మా. అబ్బాయి పుట్టిన వేళ కూడా తెప్పించండి, ఇద్దరివీ కలిపి చూస్తాను. వాళ్లిద్దరితో కాసేపు విడిగా మాట్లాడతాను, మీరు అలా హాల్లో కూర్చోండి."

మొదటి వాక్యంతో నింద కోడలి మీద నుంచి తప్పుతుంది. చివరి వాక్యంతో దంపతులకు నోరు విప్పే వీలు దొరుకుతుంది. విడిగా కూర్చున్నాక అడగాల్సినవి కొద్దే: ఎన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నారు, ఎవరినైనా డాక్టరును కలిశారా, ఇద్దరికీ పరీక్షలయ్యాయా, గర్భం వచ్చి పోయిందా. చివరి ప్రశ్నకు ముందు 'చెప్పాలనిపిస్తేనే చెప్పండి' అనాలి. ఇద్దరూ కలిసి ఉండేది వారాంతాల్లోనేనా, ఒకరు చెన్నైలో మరొకరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారా అన్నదీ అడగాలి. జాతకంలో వెతికే ఆలస్యం ఒక్కోసారి రైలు టికెట్లలో దొరుకుతుంది.

ఏ మాటలు వాడాలి, ఏవి వాడకూడదు?

'సంతాన యోగం లేదు', 'గర్భ దోషం', 'శాపం', 'గొడ్రాలి యోగం' లాంటివి ఎన్నడూ వాడకూడదు. శాస్త్ర గ్రంథాల్లో శాపాల ప్రస్తావన ఉన్నమాట నిజమే. గ్రంథంలోని పదాన్ని మనిషి ముఖం మీద అనాలన్న నియమం ఎక్కడా లేదు. పైన చూసిన జాతకానికి ఇలా చెప్పొచ్చు:

"మీ జాతకంలో సంతాన విషయంలో నిదానం కనిపిస్తోందమ్మా. దాంతోపాటు బలం కూడా ఉంది. గురువు రాశిలో బలహీనంగా ఉన్నా, సంతానానికి చూసే చక్రంలో మంచి స్థానంలో ఉన్నాడు. మీవారి జాతకం చూశాక ఇంకొంచెం స్పష్టంగా చెప్పగలను. పద్నాలుగు నెలలైంది కాబట్టి ఇద్దరూ ఒకసారి డాక్టరును కలవండి. అది జాతకం బాగాలేదని చెబుతున్న మాట కాదు."

చివరి వాక్యం వదలకండి. అది లేకపోతే 'డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారంటే ఏదో చూశారు, చెప్పడం లేదు' అని ఇంటికెళ్లి బెంగపడతారు. చెప్పాక కాసేపు ఊరుకోండి. కన్నీళ్లు వస్తే వెంటనే పరిహారం గురించి మొదలుపెట్టకండి, మంచినీళ్లిచ్చి ఆగండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పంపాలి?

గర్భనిరోధకాలేవీ వాడకుండా ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలన్నది వైద్యుల నియమం. స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే ఆలస్యం చేయకుండా వెళ్లాలి. నెలసరి క్రమం తప్పుతున్నా, విపరీతమైన నొప్పి ఉన్నా, వరుసగా గర్భస్రావాలైనా ఈ గడువులేవీ చూడనక్కర్లేదు. పురుషుడి వైపు కారణాలు కూడా చాలా తరచుగా ఉంటాయి. వీర్య పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ, మొదటే చేయించాల్సింది. మన ఇళ్లలో చివరికి వాయిదా పడేదీ అదే. భర్తతో మాట్లాడేటప్పుడు 'ఇద్దరికీ ఒకేసారి చేస్తారు బాబూ, అది పద్ధతి' అంటే అభిమానం దెబ్బతినదు.

ఐవీఎఫ్‌లో పిండం పెట్టడానికి ముహూర్తం అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

ఆ రోజును నిర్ణయించేది పిండం వయసూ గర్భాశయపు పొర సిద్ధమైన తీరూ. అండాలు పక్వానికి రావడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు 34 నుంచి 36 గంటల్లో అండాలు తీయాలి. తర్వాత మూడో రోజో అయిదో రోజో పిండాన్ని పెడతారు. వర్జ్యం ఉందని అక్కడ జరపడానికి వీల్లేదు. డాక్టరు తనంతట తాను రెండు మూడు వేళలు ఇచ్చి ఏదైనా పరవాలేదంటే, వాటిలో రాహుకాలం లేనిది సూచించండి. ఒకే వేళ ఇస్తే 'అదే మంచి వేళ' అని చెప్పి పంపండి. ఇంజెక్షన్లు నడుస్తున్న రోజుల్లో ఉపవాసాలూ దూర ప్రయాణాలూ పరిహారంగా చెప్పకూడదు.

నాగదోషం ఉందని ముందే ఎవరో చెప్పి పంపారు. మనం ఏమనాలి?

ముందు వాళ్లు ఎంత ఖర్చు పెట్టారో, ఎంత భయపడ్డారో వినండి. పంచమంతో రాహువుకో కేతువుకో సంబంధం ఉందా అని చూసి, ఉన్నదున్నట్టు చెప్పండి. మన ఉదాహరణలో రాహువు కన్యలో, కేతువు మీనంలో ఉన్నారు. రాహువు పంచమంలో లేడు, పంచమాధిపతితోనూ కలవలేదు. ఆ దోషం పేరు ఎత్తడానికే ఆధారం లేదు.

దంపతులకు సుబ్రహ్మణ్యుడి మీద నమ్మకం ఉంటే దొడ్డబళ్లాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్యకు ఒక ఆదివారం వెళ్లి రమ్మనండి. వెళ్లి వచ్చిన తృప్తి ఉంటుంది, జేబుకు భారం కాదు. కుక్కేలో సర్పసంస్కారం రెండు రోజుల కార్యక్రమం, సెలవులూ ప్రయాణమూ చూసుకోవాలి. అది చేయకపోతే పిల్లలు పుట్టరన్న మాట మాత్రం మన నోట రాకూడదు. పరిహారాల్లో కమీషన్ తీసుకునే ఏర్పాటు ఉన్నవారు ఈ ప్రశ్నకు సలహా ఇచ్చే స్థానంలో లేరు.

మగబిడ్డా, ఆడబిడ్డా అని అడిగితే?

చెప్పకూడదు. సప్తాంశలో గ్రహాల స్త్రీ పురుష తత్త్వాన్ని బట్టి చెప్పే సూత్రాలు ఉన్నాయి, వాటిని వాడకండి. లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, అటువంటి సేవ గురించి ప్రకటన ఇవ్వడాన్ని ఏ పద్ధతిలోనైనా, అది శాస్త్రీయమైనా కాకపోయినా, నిషేధించింది. దానికి మూడేళ్ల వరకు జైలు. మీ బోర్డు మీద, వీడియోల్లో 'పుత్ర సంతాన పరిహారం' అని ఉంటే తీసేయించండి. చట్టం మాట అలా ఉంచినా, ఆడబిడ్డ అని విన్న ఇంట్లో ఆ గర్భానికి ఏం జరగవచ్చో మనకు తెలుసు.

దత్తత యోగం కనిపిస్తే చెప్పాలా?

వాళ్లు అడిగితేనే. పంచమం శని, బుధుల రాశి అయి వారి సంబంధమే ఉంటే దత్త సంతానం చెప్పే సూత్రం ఉంది. ప్రయత్నంలో ఉన్నవారికి అడగకుండా ఆ మాట చెబితే తలుపు మూసినట్టు వినిపిస్తుంది.

మనిషి బాగా కుంగిపోయినట్టు కనిపిస్తే?

నిద్ర లేదని, బతకాలని లేదని అంటే జాతకం పక్కన పెట్టండి. భర్తనో తోడబుట్టినవారినో పిలిపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరులో ఉన్నవారికి నిమ్హాన్స్ ఉంది. ఆ రోజు దక్షిణ తీసుకోకండి.

చీటీ మీద ఏం రాసివ్వాలి?

మనం రాసిన చీటీ ఆ ఇంట్లో నలుగురి చేతులు మారుతుంది, ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా పెడతారు. కాబట్టి గ్రహస్థితీ దోషాల పేర్లూ రాయొద్దు. పై జాతకానికైతే ఇంత చాలు: 'ఇద్దరి జాతకాలూ కలిపి చూడవలెను. భర్త పుట్టిన వేళ, ఊరు కావాలి. భార్య ఆసుపత్రి కాగితంలో పుట్టిన వేళ సరిచూడవలెను. దంపతులిద్దరూ ఈ నెలలో వైద్యులను కలవవలెను. గురువారం దంపతులు వీలునుబట్టి గుడికి వెళ్లవచ్చు.' ఆలస్యం గురించీ, గురు అంతర్దశ గురించీ నోటితో చెప్పిందే చాలు. ఆ లెక్కలు రెండు సప్తాంశ లగ్నాలతో సహా మీ పుస్తకంలో రాసి పెట్టుకోండి. భర్త వివరాలు వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.